పాత పాఠ్యపుస్తకం అమ్మకానికి పెట్టేటప్పుడు వివరాలు ఎలా రాయాలి: ఎడిషన్, భాష, స్థితి, రాతలు

అట్ట ఫొటో ఒకటి, దాని కింద "ఇంటర్ బాటనీ, గుడ్ కండిషన్, కావాల్సినవాళ్లు కాల్ చేయండి" అని ఒక్క ముక్క. ఇలాంటి ప్రకటన కింద వచ్చే ప్రశ్నలు ఎప్పుడూ అవే. ఏ బోర్డుది? తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా? పాత సిలబస్సా, కొత్తదా? లోపల ఏమైనా రాశారా? పేజీలన్నీ ఉన్నాయా? ఈ అయిదింటికీ ప్రకటనలోనే జవాబుంటే కొనేవాళ్లు ఫోన్ చేసేది బేరానికే. లేకపోతే పది ఫోన్లు వస్తాయి, చివరికి కొన్నవాళ్లు కూడా "ఇది కాదండీ మాకు కావాల్సింది" అని తిరిగి తెస్తారు.

ఆ జవాబులు పుస్తకంలో ఎక్కడ దొరుకుతాయో, వాటిని ఎలా రాయాలో వరసగా చూద్దాం. ఉదాహరణలు ఎక్కువగా ఇంటర్, నీట్ పుస్తకాలవి, ఎందుకంటే మన దగ్గర ఏటా చేతులు మారేవి ఎక్కువగా అవే. డిగ్రీ, ఇంజనీరింగ్ పుస్తకాలకూ పద్ధతి ఇదే.

కావాల్సినవి

పుస్తకం, పగటి వెలుతురు, కెమెరా ఉన్న ఫోను, పొడి మెత్తటి గుడ్డ, మెత్తటి తెల్ల రబ్బరు, చిత్తు కాగితం, పెన్సిలు. ఒక్కో పుస్తకానికి అరగంట కేటాయించండి. కట్టగా అమ్ముతున్నా ప్రతి పుస్తకాన్నీ విడిగా చూడాల్సిందే. కట్టలో ఒక్క పుస్తకం పాత సిలబస్‌ది అయితే కొనేవాళ్లకు మొత్తం కట్ట మీదే అనుమానం వస్తుంది.

1. ముందు అది అమ్మదగ్గ పుస్తకమేనా చూడండి

మూడు రకాల పుస్తకాలను ఇక్కడే పక్కన పెట్టాలి.

ఒకటి, ప్రభుత్వ బడుల్లో ఉచితంగా పంచే పాఠ్యపుస్తకాలు. వాటి మీద ప్రభుత్వ ఉచిత పంపిణీ అని ముద్రించి ఉంటుంది. వీటికి వెల కట్టకండి. పక్కింటి పిల్లలకో, బడికో ఇచ్చేయండి.

రెండు, లైబ్రరీ ముద్ర ఉన్నవి. శీర్షిక పేజీ మీద, పుస్తకం మధ్యలో ఏదో ఒక పేజీ మీద, చివరి పేజీ మీద ముద్ర ఉందేమో చూడండి. చాలా లైబ్రరీలు లోపలి పేజీ ఒకటి ఎంచుకుని అక్కడ కూడా ముద్ర వేస్తాయి కాబట్టి మొదటి పేజీ ఒక్కటే చూసి వదిలేయకూడదు. లైబ్రరీ ఆ పుస్తకాన్ని తమ లెక్కలోంచి తీసేసినట్టు మరో ముద్రో సంతకమో ఉంటేనే అమ్మండి, ఆ పేజీ ఫొటో కూడా ప్రకటనలో పెట్టండి.

మూడు, దొంగ ముద్రణలు. బొమ్మలు మసకగా ఉండటం, అసలు పుస్తకంలో రంగుల్లో ఉన్నవి ఇందులో నలుపు తెలుపులో ఉండటం, అంచులు ఒక పేజీలో ఎక్కువ, ఇంకో పేజీలో తక్కువ ఉండటం వీటి గుర్తులు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమైతే పేజీని వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ఎన్‌సీఈఆర్‌టీ నీటిగుర్తు ఉన్న 80 జీఎస్‌ఎమ్ కాగితం మీద ముద్రించినట్టు లోపల రాసి ఉండి, వెలుతురులో ఆ గుర్తు కనిపించకపోతే అనుమానించాల్సిందే. మీరు తెలియక కొని ఉండొచ్చు. అయినా దాన్ని అసలు పుస్తకంగా ఇంకొకరికి అంటగట్టకూడదు.

2. ఎడిషన్‌ని ముద్రణ వివరాల పేజీలోంచి రాసుకోండి

అట్ట మీద కనిపించే సంవత్సరాన్ని నమ్మొద్దు. శీర్షిక పేజీ తిప్పగానే వెనుక వైపు చిన్న అక్షరాల్లో ముద్రణ వివరాలుంటాయి. కొన్ని తెలుగు పుస్తకాల్లో అవి చివరి పేజీలోనో వెనుక అట్ట లోపలో ఉంటాయి. అక్కడి నుంచి నాలుగు విషయాలు చిత్తు కాగితం మీద ఉన్నదున్నట్టు ఎక్కించుకోండి: ప్రచురణ సంస్థ, ప్రథమ ముద్రణ సంవత్సరం, చివరి పునర్ముద్రణ సంవత్సరం, పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు.

తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. ఎడిషన్ మారిందంటే లోపలి పాఠం మారిందని అర్థం. పునర్ముద్రణ అంటే సాధారణంగా అదే పాఠాన్ని మళ్లీ అచ్చు వేయడం. 2013లో మొదట వచ్చి, 2021లో మళ్లీ అచ్చయిన పుస్తకాన్ని "2021 ఎడిషన్" అని రాస్తే కొనేవాళ్లు అది 2021లో సవరించిన పాఠం అనుకుంటారు. "ప్రథమ ముద్రణ 2013, పునర్ముద్రణ 2021" అని రెండూ రాయండి. "సవరించిన ముద్రణ" అనో "రివైజ్డ్" అనో ఉంటే ఆ మాట కూడా తప్పకుండా చేర్చండి.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో నెలా సంవత్సరంతో పాటు శక సంవత్సరం కూడా వేస్తారు. మార్చి 2006 పక్కన ఫాల్గుణం 1927 అని ఉంటుంది. అది చూసి పుస్తకం వందేళ్లనాటిది అనుకోనక్కర్లేదు, రెండూ ఒకే తేదీ. కింద పునర్ముద్రణల జాబితా వరసగా ఉంటుంది, అందులో చివరిది మీ ప్రతిది.

ఇంజనీరింగ్, మెడిసిన్ పుస్తకాలు కొన్నింట్లో పునర్ముద్రణ సంవత్సరం బదులు ఒకటి నుంచి పది వరకు అంకెల వరస ఉంటుంది. ఆ వరసలో మిగిలిన అంకెల్లో అన్నిటికంటే చిన్నది ఎన్నో ముద్రణో చెబుతుంది. 4 నుంచి మొదలైతే నాలుగో ముద్రణ. ఆ అంకెను ఎడిషన్ సంఖ్యగా రాస్తే పెద్ద పొరపాటు. ఎడిషన్ సంఖ్య అట్ట మీదా, శీర్షిక పేజీ మీదా అక్షరాల్లో వేరుగా ఉంటుంది.

ఐఎస్‌బీఎన్ విషయంలో ఒక జాగ్రత్త. 2007 నుంచి పదమూడు అంకెల నంబర్లు వచ్చాయి, అంతకు ముందువి పది అంకెలవి. పాత పది అంకెల ముందు 978 చేర్చి పదమూడు చేసేయకండి. చివరి అంకె మళ్లీ లెక్కకట్టాల్సినది, అది చాలాసార్లు మారిపోతుంది. పుస్తకం మీద ఏది ఉంటే అదే ఎక్కించండి. రెండు భాగాల పుస్తకమైతే సెట్టుకు ఒక నంబరు, ఒక్కో భాగానికి ఒక నంబరు ఉండొచ్చు. మీ చేతిలో ఉన్న భాగానిది రాయాలి.

*సరిచూసుకోవడం:* మీరు రాసిన ఐఎస్‌బీఎన్‌ను ఇంటర్నెట్‌లో వెతికే పెట్టెలో కొట్టండి. మీ చేతిలో ఉన్న పుస్తకమే, అదే మీడియంలో వస్తే నంబరు సరిగానే ఎక్కినట్టు. వేరే పుస్తకం వస్తే అంకెలు తారుమారయ్యాయి. ఏమీ రాకపోతే కంగారు పడక్కర్లేదు, తెలుగు పుస్తకాలు చాలావరకు అలా దొరకవు. అంకెలు ఇంకోసారి పోల్చుకుని వదిలేయండి.

3. సిలబస్ మారిందో లేదో విషయసూచికతో తేల్చండి

కొనే విద్యార్థికి ఎడిషన్ కంటే ముఖ్యమైనది తన పరీక్షకు ఈ పుస్తకం సరిపోతుందా అన్నదే. అది అట్ట చూస్తే తెలియదు, విషయసూచిక చూస్తేనే తెలుస్తుంది.

నీట్‌కు చదివేవాళ్లు అడిగే ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ ఇందుకు మంచి ఉదాహరణ. 2022-23లో పాఠాలు తగ్గించారు. పన్నెండో తరగతి పుస్తకంలో అంతకు ముందు 16 అధ్యాయాలుండేవి, ఇప్పుడు 13. పదకొండో తరగతిలో 22 ఉండేవి, 19 అయ్యాయి. అధ్యాయాల సంఖ్య చూడగానే ఏది పాతదో తెలిసిపోతుంది. పాతదైతే "పాత సిలబస్, 16 అధ్యాయాలు" అని సూటిగా రాయండి. తీసేసిన అధ్యాయాల కోసం, అదనపు చదువు కోసం తీసుకునేవాళ్లు ఉంటారు. దాచిపెడితే మాత్రం ఎవరికీ పనికిరాదు.

రాష్ట్ర ఇంటర్ పుస్తకాలకు బోర్డు పేరు ఇప్పుడు తప్పనిసరి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన తెలుగు అకాడమీ పుస్తకాలు చాలాకాలం రెండు వైపులా నడిచాయి కాబట్టి "ఇంటర్ పుస్తకం" అంటే సరిపోయేది. 2025-26 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం సిలబస్ ఎన్‌సీఈఆర్‌టీ పద్ధతికి మారింది. గణితంలో ఎ, బి అని రెండు పేపర్లు పోయి ఒకటే అయింది, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం కలిసి జీవశాస్త్రం అయ్యాయి. కాబట్టి "మ్యాథ్స్ 1ఏ, 1బీ సెట్" అని పెట్టేవాళ్లు అది ఏ రాష్ట్రం విద్యార్థికి, ఏ విద్యా సంవత్సరం సిలబస్‌తో సరిపోతుందో పక్కనే చెప్పాలి. లేదంటే గుంటూరులో పిల్లాడు ఒకడు పనికిరాని సెట్టుకు డబ్బు పోస్తాడు.

మీకు సిలబస్ గురించి కచ్చితంగా తెలియకపోతే ఊహించి "లేటెస్ట్ సిలబస్" అని రాయకండి. ఆ రెండు మాటల వల్లే తగాదాలన్నీ వస్తాయి. "2021-22లో తెలంగాణ బోర్డు పరీక్షకు వాడినది" అని జరిగింది జరిగినట్టు రాసి, విషయసూచిక ఫొటో పెట్టండి. కొనేవాళ్లే పోల్చుకుంటారు.

ప్రవేశ పరీక్షల గైడ్లకైతే అట్ట మీది పేరు కూడా ఒక ఆనవాలే. ఎంసెట్ అన్న పేరు ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్‌గా మారింది. ముద్రణ సంవత్సరం ఉన్న పేజీ చిరిగిపోయిన గైడు వయసు దీంతో కొంతవరకు అంచనా కట్టొచ్చు.

4. భాష: మీడియం ఒక్కటే రాస్తే చాలదు

అట్ట మీద పేరు ఇంగ్లీషులో ఉండి లోపల తెలుగు ఉండే పుస్తకాలున్నాయి, తెలుగు పేరుతో లోపల ఇంగ్లీషు ప్రశ్నలున్న గైడ్లున్నాయి. అందుకే లోపలి మూడు చోట్లు తెరిచి చూడాలి: ఒక పాఠం మధ్య పేజీ, ఆ పాఠం చివరి ప్రశ్నలు, పుస్తకం చివరి పదకోశం. మూడూ ఒకే భాషలో ఉంటే "పూర్తిగా తెలుగు మీడియం" అనొచ్చు. పాఠం తెలుగులో ఉండి సాంకేతిక పదాల పక్కన ఇంగ్లీషు మాట కూడా ఇచ్చి ఉంటే అది చెప్పండి. తెలుగు మీడియంలో చదివి నీట్ కూడా రాసేవాళ్లు అలాంటి పుస్తకాన్నే వెతుక్కుంటారు. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ వస్తుంది కాబట్టి తెలుగు పుస్తకానికి గిరాకీ లేదనుకోవద్దు.

బడి పుస్తకాల్లో ఇప్పుడు ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురుగా అదే పాఠం తెలుగులో ఉంటుంది. వీటిని "తెలుగు మీడియం" అనో "ఇంగ్లీషు మీడియం" అనో రాస్తే తప్పు. "ద్విభాష, ఎదురెదురు పేజీలు" అనాలి.

ఇక ప్రకటన పేరు. వెతికేవాళ్లలో చాలామంది ఫోనులో ఇంగ్లీషు అక్షరాలే కొడతారు. తెలుగులో "వృక్షశాస్త్రం" అని మాత్రమే ఉంటే వాళ్లకు కనబడదు. అందుకని తెలుగు శీర్షిక రాశాక, వెతుకులాట కోసం రెండో వరుసగా ఇలా ఒకటి చేర్చండి:

```
Inter 2nd year Botany Telugu medium Telugu Akademi
```

"మీడియం" మాట రెండు వరుసల్లోనూ ఉండాలి. అది లేని ప్రకటనకే తప్పుడు ఫోన్లు ఎక్కువ వస్తాయి.

5. పేజీలు, బైండింగ్, తేమ

మొదట పేజీలన్నీ ఉన్నాయో లేదో చూడండి. ఒక్కో పేజీ తిప్పుతూ నంబర్లు మాత్రమే చూసుకుంటూ పోతే అయిదు నిమిషాల పని. పుస్తకాలు సాధారణంగా 8 లేదా 16 పేజీల ఫారాలుగా అచ్చయి, మడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి బైండు అవుతాయి. ప్రెస్సులో ఒక ఫారం తప్పితే ఆ 8 లేదా 16 పేజీలు ఒక్కసారిగా మాయమవుతాయి, లేదా అవే పేజీలు రెండుసార్లు వస్తాయి. పుస్తకం కొన్నప్పటి నుంచీ అలాగే ఉన్నా, ఆ పాఠం చదవనివాళ్లకు అది ఎప్పటికీ తెలియదు.

విద్యార్థులు కత్తిరించుకున్న పేజీలు వేరే. పటాలు, రంగుల బొమ్మలు, ఆవర్తన పట్టిక, లాగరిథమ్ పట్టికలు, చివరి మోడల్ పేపర్లు ప్రాజెక్టులకో రికార్డులకో కత్తిరించేస్తారు. వీటికి చాలాసార్లు పేజీ నంబరు ఉండదు. కాబట్టి విషయసూచికలో అనుబంధాల పేర్లు చూసి, ఒక్కొక్కటీ ఉందో లేదో వెతకండి.

బైండింగ్ చూడటానికి పుస్తకాన్ని బల్ల మీద పెట్టి మధ్యకు తెరవండి. వెన్ను దగ్గర జిగురు పగిలి, కాగితాలు గుత్తులుగా ముందుకు వస్తున్నాయా? గమ్ బైండింగ్ ఒకసారి పగలడం మొదలైతే ప్రయాణంలో ఇంకా విడిపోతుంది. "మధ్యలో బైండింగ్ వదులైంది, పేజీలు ఊడలేదు" అన్నది ఒక స్థితి, "112 నుంచి 118 వరకు పేజీలు ఊడి విడిగా ఉన్నాయి, అన్నీ లోపలే ఉన్నాయి" అన్నది ఇంకో స్థితి. రెండింటినీ కలిపి "బైండింగ్ కొంచెం లూజు" అనకండి. ఊడిన పేజీలను సెలొటేపుతో అతికించి అమ్మాలనుకుంటారు కొందరు. ఆ టేపు కొన్నాళ్లకు పసుపెక్కి జిగురు పక్క పేజీకి అంటుకుంటుంది. అతికించకుండా వరసలో పెట్టి ఆ సంగతి రాసేయడమే మేలు.

తేమ సంగతి చాలామంది పట్టించుకోరు. అటక మీద ఒక వానాకాలం గడిపిన పుస్తకంలో పేజీల అంచులు అలల్లా వంకర పోతాయి, ముక్కవాసన వస్తుంది. వాసన ఫొటోలో కనబడదు కాబట్టి మాటల్లో చెప్పాలి. నల్లటి లేదా పచ్చటి చుక్కలుండి వేలికి పొడిలా అంటితే అది బూజు, దాన్ని వేరే పుస్తకాలతో కలిపి ప్యాక్ చేయకూడదు. మామూలు తేమ వాసనైతే పుస్తకాన్ని నిలువుగా పేజీలు విచ్చుకునేలా పెట్టి, నీడలో గాలి ఆడేచోట రెండు మూడు రోజులు ఉంచండి. మండే ఎండలో పెడితే అట్ట వంకరపోతుంది, జిగురు ఎండి పగులుతుంది. వెన్ను దగ్గరా అట్ట మడతలోనూ సన్నటి వెండిరంగు పురుగులు, గీరినట్టు తిన్న కాగితం, చెదల మట్టి గీతలు ఉన్నాయేమో చూడండి. చెదలు తగిలిన పుస్తకాన్ని అసలు అమ్మకండి.

6. రాతలు: ఎన్ని, ఎక్కడ, దేనితో, ఏ భాషలో

"కొద్దిగా అండర్‌లైన్లు ఉన్నాయి" అన్న మాటకు కొలత లేదు. మీకు కొద్ది అయినది కొనేవాళ్లకు బోలెడు అవుతుంది. లెక్క పెట్టడానికి సులువైన దారి ఉంది. పదేసి పేజీలకు ఒకసారి పుస్తకం తెరిచి, ఆ పేజీలో రాత ఉందా లేదా అని చిత్తు కాగితం మీద గీత గీసుకోండి. 300 పేజీల పుస్తకమైతే ముప్పై పేజీలు చూస్తారు.

ఈ లెక్కలో ఒక మోసముంది. విద్యార్థులు మొదటి పాఠాలను శ్రద్ధగా గీతలు గీసి చదువుతారు, పరీక్ష దగ్గర పడ్డాక చివరి పాఠాలను ముట్టుకోరు. కాబట్టి మొత్తానికి ఒక సగటు చెప్పకుండా, పుస్తకాన్ని మూడు వంతులు చేసి వంతువారీగా లెక్క చెప్పండి. ఇంటర్ రెండో సంవత్సరం వృక్షశాస్త్రం పుస్తకం ఒకటి ఉందనుకుందాం. మొదటి వంద పేజీల్లో చూసిన పదింటిలో తొమ్మిదింటికి హైలైటరో పెన్నో తగిలింది. తర్వాతి రెండు వందల పేజీల్లో చూసిన ఇరవైలో రెండింటికే. సగటు తీస్తే ముప్పైలో పదకొండు, అంటే మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. ఆ ముక్క చదివినవాళ్లు పుస్తకమంతా అక్కడక్కడ గీతలున్నాయనుకుంటారు. నిజానికి వృక్ష శరీరధర్మశాస్త్రం యూనిట్ నిండా గీతలే, జన్యుశాస్త్రం, జీవసాంకేతికశాస్త్రం దాదాపు కొత్తవి. అలాగే చెబితే కొనేవాళ్లకు అసలు చిత్రం తెలుస్తుంది.

తర్వాత దేనితో రాశారో. పెన్సిలు అయితే చెరిపేయొచ్చు. మెత్తటి రబ్బరుతో వెన్ను వైపు నుంచి బయటి అంచు వైపు ఒకే దిశలో తేలిగ్గా రుద్దండి. ఇటూ అటూ రుద్దితే పల్చటి కాగితం ముడతపడి చిరుగుతుంది. పెన్ను గీతలను ముట్టుకోవద్దు, వైట్నర్ అసలే వద్దు. వైట్నర్ గీతతో పాటు దాని కింది అచ్చును కూడా మింగేస్తుంది. జెల్ పెన్ను, స్కెచ్ పెన్ను, హైలైటర్ అయితే పేజీ వెనక్కి తిప్పి చూడండి. సిరా అవతలికి దిగి వెనుక వైపు అక్షరాలు చదవడం కష్టమైతే ఆ సంగతి విడిగా రాయాలి.

ఎక్కడ రాశారన్నది అంతకంటే ముఖ్యం. పాఠం కింద గీతలను చాలామంది భరిస్తారు. అభ్యాసాల్లో, బహుళైచ్ఛిక ప్రశ్నల్లో జవాబులకు టిక్కులు పెట్టేసిన పుస్తకం మాత్రం సొంతంగా సాధన చేయాలనుకునేవాళ్లకు పనికిరాదు. పైగా ఆ టిక్కుల్లో తప్పులుండొచ్చు. "ఎంసీక్యూలకు పెన్నుతో జవాబులు గుర్తు పెట్టి ఉన్నాయి" అన్న వాక్యం ఉండాల్సిందే. ప్రశ్నల పక్కన "ఇంపార్టెంట్" అనీ, ఏ సంవత్సరం పరీక్షలో వచ్చిందో అనీ రాసి ఉంటే అదీ చెప్పండి. కొందరికి అదే కావాలి.

రాతల భాష సంగతి ఎవరూ రాయరు, రాస్తే చాలా ఉపయోగం. ఇంగ్లీషు మీడియం పుస్తకంలో మాటల మీద తెలుగు అర్థాలు రాసుకున్న ప్రతులు మన దగ్గర చాలా ఉంటాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఇంగ్లీషుకు మారిన విద్యార్థికి అలాంటి పుస్తకం వరం. వేరే రాష్ట్రం నుంచి వచ్చి హైదరాబాద్‌లో చదివే విద్యార్థికి అవి అడ్డం. ఒక్క వాక్యం చాలు: "మొదటి నాలుగు పాఠాల్లో కష్టమైన మాటల మీద పెన్సిలుతో తెలుగు అర్థాలు ఉన్నాయి."

మొదటి పేజీలో పేరు, కాలేజీ, హాల్‌టికెట్ నంబరు, ఫోను నంబరు ఉంటాయి. మార్కర్‌తో కొట్టేస్తే సిరా వెనుక పేజీకి దిగుతుంది. చిన్న తెల్ల కాగితం ముక్కను జిగురుతో నీటుగా అతికించండి, "మొదటి పేజీలో పేరు మీద కాగితం అతికించాం" అని రాయండి. మధ్య పేజీల్లోనూ స్నేహితుల నంబర్లు రాసి ఉంటాయి, అవీ వెతికి మూసేయండి.

7. ఫొటోలు

కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తీయండి. నిగనిగలాడే అట్ట మీద ఫ్లాష్ పడితే మడతలూ చిరుగులూ కనబడవు, దాచిపెట్టారని అనుమానిస్తారు. ఏడు ఫొటోలు చాలు: ముందు అట్ట, వెనుక అట్ట, వెన్ను, ముద్రణ వివరాల పేజీ, విషయసూచిక, మామూలుగా రాతలున్న ఒక పేజీ, అన్నిటికంటే ఎక్కువ పాడైన ఒక పేజీ. ఆఖరిది పెట్టడానికి అమ్మేవాళ్లు జంకుతారు కానీ కొనేవాళ్లు నమ్మేది దాన్ని చూసే. పాఠం పేజీలు వరసగా ఫొటోలు తీసి పెట్టకండి, అది పుస్తకాన్ని నకలు చేసి పంచినట్టే.

*సరిచూసుకోవడం:* ముద్రణ వివరాల ఫొటోను ఫోనులో పెద్దది చేసి చూడండి. పునర్ముద్రణ సంవత్సరం మీకే చదవడానికి రాకపోతే మళ్లీ తీయాలి.

8. ఇప్పుడు ప్రకటన రాయండి

పైన చెప్పుకున్న వృక్షశాస్త్రం పుస్తకానికే రాసి చూద్దాం. సంవత్సరాలు, పేజీలు ఉదాహరణ కోసం అనుకున్నవి. మీ ప్రతివి మీరు వేసుకోండి.

> ఇంటర్ రెండో సంవత్సరం వృక్షశాస్త్రం (బాటనీ), తెలుగు మీడియం, తెలుగు అకాడమీ
>
> Inter 2nd year Botany Telugu medium Telugu Akademi
>
> బోర్డు: తెలంగాణ ఇంటర్ బోర్డు. 2021-22లో వాడినది. విషయసూచిక ఫొటో ఉంది, మీ సిలబస్‌తో పోల్చుకోండి.
>
> ముద్రణ: ప్రథమ ముద్రణ 2013, ఈ ప్రతి పునర్ముద్రణ 2021. ఐఎస్‌బీఎన్: పుస్తకం మీద ఉన్నది.
>
> భాష: పాఠం, ప్రశ్నలు తెలుగులో. సాంకేతిక పదాల పక్కన ఇంగ్లీషు మాటలు ఉన్నాయి.
>
> పేజీలు: 300, అన్నీ ఉన్నాయి, నంబర్లు చూశాం. బొమ్మలేవీ కత్తిరించలేదు.
>
> స్థితి: ముందు అట్ట కింది మూల మడత పడింది. వెన్ను గట్టిగా ఉంది. తేమ వాసన, బూజు, పురుగు లేవు.
>
> రాతలు: మొదటి వంద పేజీల్లో దాదాపు ప్రతి పేజీలో పసుపు హైలైటర్, నీలం పెన్ను గీతలు. 40వ పేజీలో సిరా వెనక్కి దిగింది, ఫొటో చూడండి. తర్వాత అక్కడక్కడ మాత్రమే. పాఠం చివరి ప్రశ్నల్లో జవాబులు రాయలేదు. మొదటి పేజీలో పేరు మీద కాగితం అతికించాం.
>
> వెల, తీసుకునే చోటు, పోస్టు ఖర్చు ఎవరిది.

ఈ వరస మార్చకండి. బోర్డు, సిలబస్, భాష కుదరకపోతే కొనేవాళ్లు మిగతాది చదవరు కాబట్టి అవి పైన ఉండాలి. రాతల వివరం కింద ఉన్నా ఫరవాలేదు, అంత దూరం చదివినవాళ్లు నిజంగా కొనేవాళ్లే. "గుడ్", "నీట్", "లైక్ న్యూ" లాంటి మాటలు అసలు వాడలేదు, గమనించండి. వాటి బదులు ఏముందో, ఏం లేదో చెప్పాం. ఈ పుస్తకాన్ని "కొత్తదానిలా ఉంది" అంటే కొన్నవాళ్లు మొదటి పాఠం తెరవగానే తిట్టుకుంటారు.

"లేవు" అన్న మాట రాసేముందు చూశారా అని మిమ్మల్ని మీరు అడగండి. పేజీ నంబర్లు చూడకుండా "అన్ని పేజీలూ ఉన్నాయి" అనడం తరచూ జరిగే తప్పు. చూడకపోతే "పేజీ నంబర్లు చూడలేదు" అనే రాయండి.

9. పెట్టేముందు ఒక పరీక్ష

పుస్తకం చూడనివాళ్లెవరికైనా ప్రకటన చదివి వినిపించి, మొదట్లో చెప్పిన అయిదు ప్రశ్నలూ అడగండి: ఏ బోర్డు, ఏ మీడియం, ఏ సిలబస్, రాతలు ఎక్కడ, పేజీలన్నీ ఉన్నాయా. ఒక్కదానికి తడబడినా ఆ వరుస తిరగరాయాలి. తర్వాత పుస్తకం వాళ్ల చేతికిచ్చి ఎక్కడైనా తెరవమనండి. తెరిచిన పేజీ మీరు రాసినదానికంటే అధ్వానంగా ఉంటే రాతల లెక్క మళ్లీ పెట్టండి.

పుస్తకం అమ్ముడుపోయిన రోజే ప్రకటన తీసేయండి. తీయకపోతే ఫోన్లు వస్తూనే ఉంటాయి, పైగా మరుసటి ఏడాది సిలబస్ మారాక ఆ పాత ప్రకటన చూసి ఇంకెవరో అదే ముద్రణను వేరేచోట కొనుక్కుంటారు.